కథను వరుసగా చెప్పడమా, ముగింపును ముందే చెప్పడమా: ఉత్కంఠకు ఏది మేలు?

నవల రాస్తున్న మిత్రులు తమ రాతప్రతి చూపించినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. కథను జరిగిన వరుసలో చెప్పుకుంటూ పోవాలా, చివరను ముందే చెప్పేసి వెనక్కి వెళ్లాలా, లేక నడుస్తున్న కథ మధ్యలో ఫ్లాష్‌బ్యాక్‌లు పెట్టాలా? వారిలో చాలామంది మూడో పద్ధతిని ఎంచుకుని ఉంటారు. ముగింపు ముందే తెలిసిపోతే పాఠకుడు పుస్తకం మూసేస్తాడన్న భయం దానికి కారణం. ఆ భయానికి ఆధారం లేదని నా అభిప్రాయం. అందుకు నాకు తెలిసిన గట్టి సాక్ష్యం గేబ్రియల్ గార్సియా మార్క్వెజ్ 1981లో ప్రచురించిన ‘క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్’ అనే చిన్న నవల.

శాంటియాగో నాసర్‌ను చంపబోతున్నారని ఆ నవల మొదటి వాక్యమే చెబుతుంది. ఆ రోజు అతను బిషప్ వచ్చే పడవ కోసం ఉదయం 5:30కి నిద్ర లేచాడని కూడా అదే వాక్యంలో ఉంటుంది. ఎవరు చంపారో, ఎందుకు చంపారో తెలియడానికి కూడా ఎక్కువ సేపు పట్టదు. కన్య కాదని పెళ్లయిన రాత్రే భర్త పుట్టింటికి తిప్పి పంపిన ఆంజెలా వికారియో, దానికి కారకుడిగా నాసర్ పేరు చెప్పింది, ఆమె కవల అన్నలు కత్తులు పట్టుకుని బయలుదేరారు. అయిదు అధ్యాయాల్లో మొదటిది ముగిసేసరికే అతను చనిపోయాడన్న వార్త వస్తుంది. నాలుగో అధ్యాయం శవపరీక్షతో మొదలై, ఏళ్ల తరబడి ఆంజెలా భర్తకు రాసిన ఉత్తరాల దాకా సాగుతుంది. హత్య మాత్రం అయిదో అధ్యాయం చివర గాని మన కళ్లముందు జరగదు. అంటే శవాన్ని ముందు చూసి, చావును తర్వాత చూస్తాం.

అన్నీ తెలిసిన తర్వాత కూడా ఉత్కంఠ ఎలా నిలిచింది? కవలలు తాము చేయబోయే పనిని దాచుకోలేదు. అడిగినవారికీ అడగనివారికీ చెప్పారు. మేయర్ వారి కత్తులు లాక్కున్నాడు, వారు ఇంకో జత తెచ్చుకున్నారు. అదే మేయర్ తర్వాత సంగతి చూస్తానని మాటిచ్చి, ముందు డామినో ఆట ఎప్పుడో కనుక్కోవడానికి క్లబ్బులోకి వెళ్లాడు. ఎవరో హెచ్చరిక రాసి తలుపు కింద నుంచి తోసిన చీటీ హత్య తర్వాత గాని ఎవరి కంటా పడలేదు. ఇదే కథను ఉదయం నుంచి వరుసగా చెప్పి, చావును చివరిదాకా దాచి ఉంటే, మనం ఆ చీటీని మామూలు వివరంగా చదివి దాటిపోతాం, ఎవరో ఒకరు ఆపుతారులే అని ధీమాగా కూర్చుంటాం. చావు ముందే తెలియడం వల్ల ఆ ధీమాకు చోటు ఉండదు. చిన్న చీటీ, ఒక ఆలస్యం, ఒక మాట, ప్రతిదీ అతన్ని బతికించి ఉండగలిగిన అవకాశంగా కనిపిస్తుంది. ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్న పోయి, ‘ఇందరికి తెలిసి కూడా ఎలా జరిగింది’ అన్న ప్రశ్న దాని స్థానంలో నిలుస్తుంది. ఈ రెండో ప్రశ్నకు ప్రతి పేజీలోనూ కొంత జవాబు దొరుకుతుంది గాని, పూర్తి జవాబు ఎక్కడా దొరకదు.

ఇంత ముందుకూ వెనక్కీ తిరిగినా ఆ నవలలో పాఠకుడు దారి తప్పడు. 5:30కి నిద్ర లేవడం, 6:05కి ఇల్లు వదలడం, బిషప్ పడవ రావడం వంటి కొన్ని గుర్తులను రచయిత గట్టిగా పాతిపెట్టాడు. కథ ఎన్ని ఏళ్లు తిరిగినా మళ్లీ ఆ గంటన్నర దగ్గరికే వస్తుంది. కాలక్రమాన్ని చెదరగొట్టదలచుకున్న మిత్రులకు నేను ముందుగా అడిగేది ఇదే: మీ కథలో అలాంటి గుర్తు ఏది?

అయితే ఈ పద్ధతి అన్ని కథలకూ పనికిరాదు. నా లెక్కలో నిర్ణాయకమైన అంశం ఒకటే: ముగింపు ఎవరి చేతిలో ఉంది? దోస్తోయెవ్‌స్కీ ‘క్రైమ్ అండ్ పనిష్‌మెంట్’లో హత్య ఆరు భాగాల్లో మొదటి భాగం చివరనే జరిగిపోతుంది. హంతకుడెవరో మనకు తెలుసు. అయినా మిగిలిన అయిదు భాగాలూ రస్కోల్నికోవ్ ఒప్పుకుంటాడా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద నడుస్తాయి. ఆ నిర్ణయం అతని లోపల ఇంకా జరగలేదు, అతనికే తెలియదు. అతన్ని సైబీరియా ఖైదులో చూపించి నవల మొదలుపెట్టి ఉంటే, అతని ప్రతి ఊగిసలాటా ముందే తేలిపోయిన లెక్క అయ్యేది. కనుక కథ ఒక మనిషి ఇంకా తీసుకోని నిర్ణయం మీద నిలబడితే వరుస క్రమమే మేలు. చుట్టూ ఉన్న పదిమంది చేజార్చుకున్న అవకాశాల మీద నిలబడితే చివరను ముందే చెప్పడం మేలు. నేను చూసే రాతప్రతుల్లో రెండో రకం కథలే ఎక్కువ. అప్పు వల్ల, కులం వల్ల, పరువు వల్ల జరిగిన చావు కథల్లో దాచడానికి రహస్యం ఉండదు. ఊరందరికీ తెలిసిన సంగతిని పాఠకుడి నుంచి మాత్రమే దాచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక మధ్యలో వచ్చే ఫ్లాష్‌బ్యాక్. తెలుగులో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన కథనంలో నడుస్తున్న సంఘటనకూ, పదేళ్ల కిందటి సంఘటనకూ సాధారణంగా ఒకే క్రియారూపం వాడతాం. ‘తలుపు తీశాడు’ అంటే ఇప్పుడు తీశాడో, అప్పుడు తీశాడో క్రియను బట్టి తెలియదు. ‘తీసి ఉన్నాడు’ అని రాస్తే కొంత తేడా తెలుస్తుంది గాని, పేరా పొడవునా అలా రాస్తే భాష బిగుసుకుపోతుంది. అందువల్ల ‘ఆ ఏడు వానలు పడలేదు’ వంటి కాలసూచన మొదటి వాక్యంలోనే రావాలి. తిరిగి వచ్చేటప్పుడు కూడా వదిలిన చోటి వస్తువునో శబ్దాన్నో పట్టుకుని రావాలి. చాలామంది వెళ్లేటప్పుడు జాగ్రత్తపడి, తిరిగి వచ్చేటప్పుడు మరిచిపోతారు. ‘ఈ మనిషి ఇంతకుముందు చనిపోయాడు కదా’ అని పాఠకుడు పేజీ వెనక్కి తిప్పాడంటే లోపం అక్కడే ఉంది.

అంతకంటే పెద్ద లోపం, పాఠకుడు అడగకముందే జవాబు చెప్పడం. కోడలు అత్తగారి గదిలోకి ఎందుకు అడుగుపెట్టదో మనకు సందేహం కలగాలి, అది రెండు మూడు సన్నివేశాల్లో పెరగాలి, ఆ తర్వాతే గతం రావాలి. మొదటిసారి గుమ్మం దగ్గర ఆగగానే పాత సంగతి అంతా చెప్పేస్తే, ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు ఆగినా మనకు ఏమీ అనిపించదు. నేను చేసే పరీక్ష చిన్నది. ఆ ఫ్లాష్‌బ్యాక్ తీసేసి తర్వాతి సన్నివేశం చదువుతాను. దాని అర్థంలో ఏ మార్పూ రాకపోతే, ఆ ఫ్లాష్‌బ్యాక్ అక్కడ ఉండవలసింది కాదు.

ఒకే రోజు చట్రంలో గతాన్ని జ్ఞాపకాలుగా నడపడం మరో దారి. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’లో ఉస్మానియా హాస్టల్ విద్యార్థి రవి ఒక రోజు అలాగే గడుస్తుంది. అక్కడ ఉత్కంఠ సంఘటనల్లో కాక మనసులో ఉంటుంది కనుక ఈ పోలికలో దాన్ని పక్కన పెడుతున్నాను. కథను పూర్తిగా చివరి నుంచి మొదటికి తిప్పి చెప్పే పద్ధతి పొడవైన నవలలో పాఠకుణ్ని అలసటకు గురిచేస్తుంది, నేను ఎవరికీ సూచించను.

మళ్లీ మార్క్వెజ్ నవల చివరి పేజీలకు వస్తాను. కత్తులతో పరుగెత్తుకొస్తున్న కవలలను చూసి, కొడుకు మేడ మీద గదిలోనే ఉన్నాడని నమ్మిన తల్లి వీధి తలుపు గడియ వేస్తుంది. కొడుకు అప్పటికి ఆ తలుపుకు కొన్ని అడుగుల దూరంలో, లోపలికి రావడానికే పరుగెత్తుతున్నాడు. అతను చనిపోతాడని మొదటి వాక్యం నుంచీ తెలిసి కూడా, చదివిన ప్రతిసారీ ఆ గడియ దగ్గర నేను ఆగిపోతాను.