మ్యాప్స్‌లో పెట్టిన రివ్యూలు, ఫొటోలు తీసేయడం గురించి, ఏడేళ్లు వాడాక

2018 నుంచి గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు రాస్తున్నా. రివ్యూకి 10 పాయింట్లు, ఫొటోకి 5, ఆ లోకల్ గైడ్ పిచ్చిలో టిఫిన్ సెంటర్ నుంచి పళ్ల డాక్టర్ దాకా దేన్నీ వదల్లేదు. మొన్న ఆఫీస్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు "అన్నా, మీ ఇల్లు ఆ వాటర్ ట్యాంక్ వెనకేగా" అన్నాడు. నీకెలా తెలుసురా అంటే బిర్యానీ కోసం వెతుకుతుంటే నా రివ్యూ కనబడిందంట, పేరు మీద నొక్కితే మా వీధి ఇస్త్రీ షాపు, పాప ట్యూషన్, అపార్ట్‌మెంట్ పక్కన జిమ్ అన్నీ వరసగా వచ్చేశాయంట. ఆ రాత్రే కూర్చున్నా.

తీసేయడం కష్టమేం కాదు. యాప్‌లో కింద Contribute, అందులోంచి మన ప్రొఫైల్, రివ్యూ పక్కన మూడు చుక్కలు, Delete review, అంతే. కానీ అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి తీసే బటన్ లేదు, ఒక్కోటి నొక్కుకుంటూ పోవాల్సిందే, పైగా తీసేసింది మళ్లీ రాదు. అందుకే ముందు గూగుల్ టేకౌట్‌లో నా రివ్యూలన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నా, తర్వాత ఇంటి చుట్టుపక్కలవి మాత్రమే తీశా, ఊటీ ట్రిప్పువి ఉంటే నాకేం నష్టం.

ఇక్కడే బోల్తాపడ్డా. ట్యూషన్ రివ్యూ తీసేసి హమ్మయ్య అనుకున్నానా, రెండ్రోజులకి అదే పేజీ చూస్తే పాప స్కూల్ యూనిఫాంలో ఉన్న ఫొటో అలాగే ఉంది, పైన నా పేరు. ఎందుకంటే అది రివ్యూతో పెట్టింది కాదు, ఎప్పుడో విడిగా ఎక్కించింది, కాబట్టి రివ్యూ పోయినా అది పోదు. కంప్యూటర్‌లో మ్యాప్స్ తెరిచి మెనూలో Your contributions లోకి వెళ్తే Photos వేరేగా ఉంటాయి, అక్కడ తీయాలి. తీశాక మన లాగిన్‌లో చూసి నమ్మొద్దు, ఇన్‌కాగ్నిటో విండోలో ఆ షాపు పేజీ తెరిచి చూడండి, ఊళ్లోవాళ్లకి కనిపించేది అదే.

ఇంత ఓపిక లేనివాళ్లకి ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో Restricted profile ఉంది. అది ఆన్ చేస్తే పేరు నొక్కినవాళ్లకి మన చిట్టా మొత్తం కనబడదు, కానీ షాపు పేజీలో రివ్యూ మాత్రం మన పేరుతోనే ఉంటుంది. మా తమ్ముడిలాంటి వాళ్లని ఆపడానికి చాలు.

కాలేజీ రోజుల పాత మెయిల్ ఉంటే దాంట్లోకీ లాగిన్ అయి చూడండి, యాప్ ఇప్పుడున్న అకౌంట్‌వే చూపిస్తుంది, నాకు అందులో ఇంకో పదకొండు దొరికాయి.

మనవల్ల కానిది ఒకటే, మన ఫొటోని వేరేవాళ్లు మళ్లీ ఎక్కించేసుకుంటే. నేను పెట్టిన దోసె ఫొటోని ఒక హోటల్ వాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల పేరుతో పెట్టుకున్నారు, నాది తీసేసినా అది కదల్లేదు, రిపోర్ట్ కొట్టి ఊరుకున్నా. ప్లేటు పక్కన నా మోచెయ్యి ఇప్పటికీ అక్కడే ఉంది.