పాంగాంగ్‌లో రాత్రి బస పెట్టుకునే ముందు

లదాఖ్ ప్యాకేజీలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. విమానంలో లేహ్‌లో దిగి రెండు రాత్రులు అక్కడే ఉంటారు. తర్వాత ఖర్దుంగ్‌లా కనుమ దాటి నుబ్రా లోయకు, అక్కడి నుంచి ష్యోక్ నది పక్క రోడ్డు మీదుగా పాంగాంగ్ సరస్సుకు వెళ్ళి, చాంగ్‌లా దాటి మళ్ళీ లేహ్ చేరతారు. అక్క, బావగారు, నేను వెళ్ళింది కూడా ఈ దారినే. చూసిన చోట్లలో ఏదీ తీసిపారేసేది కాదు. కాకపోతే ఈ ప్లాన్‌లో ఒక్క రాత్రి బస మార్చుకుంటే చాలామందికి తలనొప్పి, వాంతుల బాధ తప్పుతుందని నేను గట్టిగా చెప్పగలను. అది పాంగాంగ్ రాత్రి.

ముందు లేహ్ సంగతి. ఊరు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే, అంటే పీల్చే ప్రతి శ్వాసలోనూ ఆక్సిజన్ మూడో వంతు తగ్గుతుంది. దిగగానే ఏమీ తెలియదు. అందుకే చాలామంది మధ్యాహ్నానికే ఊరు చూడడానికి బయల్దేరతారు. తలనొప్పి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. దానికి తోడు ఆకలి చచ్చిపోవడం, కడుపులో తిప్పడం, నీరసం, తల తేలిపోతున్నట్టు ఉండడం వస్తే అది ఎత్తు వల్ల వచ్చినదే అనుకుని చూసుకోవాలి.

మేం దిగిన గెస్ట్‌హౌస్‌కు నేను మంచి మార్కులే వేస్తాను. గది బాగుందని కాదు, ఆ ఇంటావిడ మమ్మల్ని చూసుకున్న తీరుకి. పై అంతస్తు గది బుక్ చేసుకుంటే తనే కింది అంతస్తుకు మార్చింది. "ఇవాళ ఎక్కడికీ వెళ్ళకండి, శాంతి స్తూపం మెట్లు ఎల్లుండి ఎక్కుదురు గాని" అని చెప్పి, ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టి వెళ్ళింది. లేహ్‌లో బస ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి కొండలు కనిపిస్తాయా లేదా అనే దానికన్నా కింది అంతస్తు గది ఉందా, రాత్రిపూట ఎవరైనా పలుకుతారా అని అడగడం మేలు.

నీళ్ళ విషయంలో అక్కడ రెండు రకాల వాళ్ళను చూశాం. బాత్రూమ్‌కి పదేపదే వెళ్ళాల్సి వస్తుందని అసలు తాగనివాళ్ళు ఒక రకం. ఎంత తాగితే అంత మంచిదని గంటకో సీసా ఖాళీ చేసేవాళ్ళు ఇంకో రకం. పొడి గాలిలో ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది, ఆ తలనొప్పి కూడా అచ్చం ఎత్తు తలనొప్పిలాగే ఉంటుంది. కాబట్టి తాగాల్సిందే. రోజంతా కలిపి మూడు లీటర్ల లోపు ద్రవాలు, మూత్రం లేత పసుపు రంగులో రావడం, ఈ రెండు గుర్తులు చాలు. అంతకు మించి తాగినందువల్ల ఎత్తు జబ్బు ఆగదు. పైగా రక్తంలో ఉప్పు పలచబడిపోతే దానివల్లే తలనొప్పి, వికారం మొదలవుతాయి.

ఒక చిన్న పరీక్ష ఉంది. తలనొప్పి రాగానే నింపాదిగా ఒక లీటరు నీళ్ళు తాగి, పారాసెటమాల్ వేసుకుని, పడుకోవాలి. గంటా రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోయి, వేరే లక్షణాలేమీ లేకపోతే అది ఒంట్లో నీరు తగ్గి వచ్చినదే కావచ్చు. పోకపోయినా, వికారం కూడా ఉన్నా, ఎత్తు వల్లేనని తేల్చుకుని ఉన్నచోటే ఆగిపోవాలి. ఇంకా పైకి వెళ్ళకుండా ఉంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బావగారికి లేహ్‌లో మొదటి సాయంత్రం వచ్చిన నొప్పి ఇలాగే మర్నాటికి సర్దుకుంది.

ఆయన రోజూ పొద్దున్నే పరుగెత్తే మనిషి, మా ముగ్గురిలో ఒంట్లో సత్తువ ఎక్కువ ఆయనకే. కానీ దమ్ముకీ దీనికీ సంబంధం లేదు. మందు విషయంలో మాత్రం మాకూ ఆయనకూ తేడా ఉంది. అక్కా నేనూ డాక్టర్ సలహాతో విమానం ఎక్కడానికి ముందురోజు నుంచే ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర 125 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకున్నాం. వేళ్ళు తిమ్మిరెక్కినట్టు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, అంతకు మించి ఇబ్బంది పడలేదు. బావగారికి సల్ఫా మందులు పడవు కాబట్టి ఆయనకు వద్దన్నారు.

నుబ్రాకు వెళ్ళేటప్పుడు అందరి భయం ఖర్దుంగ్‌లా గురించే. ఆ కనుమ 5,300 మీటర్లకు పైనే ఉంటుంది. నిజానికి కార్లో ఎక్కి, పావుగంట ఆగి, దిగిపోయేవాళ్ళలో చాలామందికి అక్కడ పెద్ద ప్రమాదం ఉండదు. శరీరం లెక్క చూసుకునేది పగలు ఎంత ఎత్తుకు వెళ్ళామని కన్నా రాత్రి ఏ ఎత్తులో పడుకున్నామని. నుబ్రాలో దిస్కిత్, హుందర్ 3,100 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, అంటే లేహ్ కన్నా కిందే. బావగారు అక్కడ హాయిగా నిద్రపోయారు. నుబ్రాలో రెండు రాత్రులు ఉండేలా ప్లాన్ వేసుకోవచ్చు, ఆ లోయ అంత తీరిగ్గా చూడదగ్గదే.

అక్కడి నుంచి పాంగాంగ్ ఒడ్డున స్పాంగ్‌మిక్ దగ్గరి క్యాంపులకు వెళ్తే ఎత్తు దాదాపు 4,250 మీటర్లు. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్ల కన్నా పెంచవద్దన్నది పర్వత వైద్యులు చెప్పే సూత్రం. ఇక్కడ ఒక్క రోజులో పదకొండు వందల మీటర్లు పెరుగుతోంది. ఏజెన్సీ మాకిచ్చిన ప్లాన్‌లో ఊళ్ళ పేర్లు, దూరాలు ఉన్నాయే తప్ప ఎత్తులు ఎక్కడా లేవు.

సరస్సు నీలం గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ సాయంత్రానికే బావగారు కణతలు నొక్కుకుంటూ కూర్చున్నారు. భోజనం వద్దన్నారు. పారాసెటమాల్ ఇచ్చి, ఓఆర్ఎస్ కలిపి రెండేసి గుక్కలు తాగిస్తూ, తలకింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టాం. టెంట్‌లో గ్యాస్ హీటర్ పెడతామని క్యాంపు వాళ్ళు వచ్చారు గానీ వద్దన్నాం. మూసిన టెంట్‌లో దాని పొగ వల్ల వచ్చే తలనొప్పి, వికారం ఎత్తు జబ్బుతో కలిసిపోయి ఏది ఏదో తెలియదు, పైగా అది ప్రాణాంతకం. నిద్ర కోసం మత్తుమాత్ర, మద్యం కూడా అస్సలు పనికిరావు, అవి నిద్రలో శ్వాసను ఇంకా మందగింపజేస్తాయి.

పది దాటాక ఆయనకు ఒకసారి వాంతి అయింది. అప్పుడు నేను చూసింది మూడు విషయాలు. మాట తికమకగా ఉందా, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు ఉన్నాయా, నడక తూలుతోందా. నడక చూడడానికి చాప అంచు వెంట మడమకు వేళ్ళు ఆనించి అడుగులు వేయమన్నాను. "నాకేం కాలేదయ్యా, తల పగిలిపోతోందంతే" అంటూనే తిన్నగా నడిచారు. ఆ అడుగులు తూలితే, మనిషి మాటలు పొంతన లేకుండా ఉంటే, అది మెదడు వాపు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, గురగురమంటూ దగ్గు వస్తే, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందన్నమాట. ఈ రెండింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా సరే దిగిపోవాలి.

ఆ గుర్తులేవీ లేవు కాబట్టి ఆగాం. అయితే నొప్పి మందుకు లొంగకపోయినా, వాంతులు ఆగకపోయినా దిగిపోదామని అక్కతో చెప్పి, డ్రైవర్‌ని కూడా సిద్ధంగా ఉండమన్నాం. రెండు గంటలకు మళ్ళీ వాంతి, నొప్పి ఇంకా ఎక్కువైంది. నడక బాగానే ఉంది, కానీ విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోగా పెరుగుతోందంటే ఇక అక్కడ ఉండడంలో అర్థం లేదు.

ఎటు దిగాలన్నదే అసలు ప్రశ్న. లేహ్‌లో పెద్దాసుపత్రి ఉంది కదా అని అటు బయల్దేరితే మధ్యలో చాంగ్‌లా అడ్డం వస్తుంది, అదీ 5,300 మీటర్లకు పైమాటే. కిందికి దిగాల్సిన మనిషిని ముందు వెయ్యి మీటర్లు పైకి ఎక్కించాలి. మా లదాఖీ డ్రైవర్ లేవగానే అన్న మాట ఇదే: "చాంగ్‌లా వద్దు సార్, టాంగ్‌త్సే వెళ్దాం." టాంగ్‌త్సే ఊరు దాదాపు 3,900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో కనుమ లేదు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది. మూడు వందల మీటర్లు దిగినా చాలాసార్లు తేడా తెలుస్తుంది. అదీ చాలకపోతే ష్యోక్ రోడ్డు మీదుగా కనుమ దాటకుండా దిస్కిత్ దాకా దిగవచ్చు, కాకపోతే అది గంటల ప్రయాణం, వేసవిలో నది పొంగితే ఆ రోడ్డు కోసుకుపోతుంది.

ఆరోగ్య కేంద్రంలో ఆయనకు మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. తెల్లవారేసరికి తల తేలికపడి, సూప్ అడిగి తాగారు. నొప్పి పూర్తిగా పోయాకే, మధ్యాహ్నం, కారు ఎక్కడా ఆపకుండా చాంగ్‌లా దాటి లేహ్ చేరాం.

సేవల గురించి ఒక మాట చెప్పాలి. క్యాంపు వాళ్ళు "ఆక్సిజన్ ఉంది" అన్నమాట నిజమే. సిలిండర్ ఉంది, దాని మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంది, మాస్క్ లేదు. బస బుక్ చేసేటప్పుడు ఆక్సిజన్ ఉందా అని అడిగితే చాలదు, చేరగానే మీటరు, మాస్క్ కళ్ళతో చూడాలి. కార్లో మేం పెట్టుకున్న స్ప్రే డబ్బాలు కూడా అంతంతమాత్రమే. పది లీటర్ల డబ్బా నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంటే మంచిదే గానీ, లేహ్‌లో దిగిన కొత్తలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే అంకె తొంభైకి కిందికి పోతుంటుంది. అంకె బాగుంది కదా అని వాంతులు చేసుకుంటున్న మనిషిని ఉంచేయకూడదు.

కాబట్టి పాంగాంగ్‌కు నా సలహా ఇది. బస టాంగ్‌త్సేలో పెట్టుకుని, పొద్దున్నే సరస్సు దగ్గరికి వెళ్ళి పగలంతా ఉండి రండి. ఊరి గదుల్లో సరస్సు కనిపించదు, అదొక్కటే లోటు. నుబ్రా నుంచి వచ్చేవాళ్ళకు టాంగ్‌త్సే కూడా ఒక్కసారిగా ఎక్కువ ఎత్తే, కాబట్టి అక్కడ తలనొప్పి వస్తే మర్నాడు సరస్సు మాట పక్కనపెట్టి ఆగిపోవాలి. ఒడ్డునే నిద్రపోవాలని ఉన్నవాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా టాంగ్‌త్సేలో ఒక రాత్రి గడిపాకే వెళ్ళాలి.

మనాలీ నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్ళకు ఇలాంటి చిక్కే సర్చూలో ఉంది. మనాలీ 2,050 మీటర్లు, సర్చూ టెంట్లు 4,290 మీటర్లు, పైగా సర్చూకు ఒకవైపు బారాలాచా, ఇంకోవైపు లాచులుంగ్ కనుమలు. రాత్రి బాగోలేకపోతే ఎటు వెళ్ళాలన్నా ముందు ఎక్కాల్సిందే. అందుకని దానికి ముందు 3,200 మీటర్లలో ఉన్న జిస్పాలో రెండు రాత్రులు ఆగి, తెల్లవారకముందే బయల్దేరి సర్చూ దాటేసి నేరుగా లేహ్ చేరడం మంచిది. అది పది పన్నెండు గంటల ప్రయాణం, డ్రైవర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.