వైఫై లాంటి వైర్‌లెస్ లింక్‌లో రెండేసి యాంటెన్నాలు ఉన్నాయి సరే, స్పీడ్‌కి వాడాలా నమ్మకానికి వాడాలా?

పంపేవైపు రెండు, అందుకునేవైపు రెండు యాంటెన్నాలు అనుకుందాం. స్పేషియల్ మల్టిప్లెక్సింగ్‌లో ఒక్కో యాంటెన్నా వేరే డేటా పంపుతుంది, ఒక్కో సింబల్‌లో 2 బిట్లు మోసే క్యూపీఎస్‌కే అయితే ఒక్కో స్లాట్‌కి 2+2, మొత్తం 4 బిట్లు. డైవర్సిటీలో, అంటే 1998లో అలమౌటి చెప్పిన కోడ్‌లో, రెండు సింబల్స్‌ని రెండు స్లాట్లలో రెండు యాంటెన్నాల నుంచీ మార్చి మార్చి పంపుతారు, అంటే స్లాట్‌కి ఒక్క సింబలే, కాబట్టి అదే 4 బిట్లు కావాలంటే ఒక్కో సింబల్‌లో 4 బిట్లు మోసే 16-క్వామ్‌కి వెళ్ళాలి, సింబల్స్ పాయింట్లు దగ్గరపడి నాయిస్‌కి తొందరగా దొరికిపోతాయి.

మరి ఎందుకు వాడటం అంటే, అలమౌటిలో ఒక్కో సింబల్ నాలుగు దారుల్లో వస్తుంది, నాలుగూ ఒకేసారి ఫేడ్ అయితేనే పోతుంది. అందుకే సిగ్నల్ బాగున్నచోట ఎస్ఎన్ఆర్, అంటే నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం, ఇంకో 10 డీబీ పెరిగితే ఎర్రర్లు దాదాపు 10,000 రెట్లు తగ్గుతాయి, మల్టిప్లెక్సింగ్‌లో ఒక స్ట్రీమ్‌లోంచి రెండోదాన్ని పూర్తిగా తీసేసే మామూలు జీరో ఫోర్సింగ్ రిసీవర్ పెడితే 10 రెట్లే (దారులు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఫేడ్ అయితేనే ఈ లెక్క).

మల్టిప్లెక్సింగ్ నిజంగా దెబ్బతినేది అడ్డు లేని నేరు దారిలో, సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా రెండు స్ట్రీములు ఒకేలా కనబడి విడదీయలేం, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. లైనక్స్‌లో అయితే ఇలా చూడొచ్చు:

```
iw dev wlan0 link
```

వైఫై 5లో `VHT-NSS 2` ఉంటే రెండు స్ట్రీములు నడుస్తున్నట్టు, సిగ్నల్ బాగున్నా 1కి పడిపోతుంటే నేను ముందు యాంటెన్నాలు అటూ ఇటూ తిప్పి చూస్తా.