ఉక్కు తీగా, రాగి తీగా?
పర్లాకిమిడిలో ఇంటర్ చదివే మా తమ్ముడు అడిగాడు, లోహం సాగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే యంగ్ గుణకం కొలిచే ప్రాక్టికల్‌కు ఏ తీగ వేలాడదీయాలని. రెండూ 2 మీటర్ల పొడవు, 1 మి.మీ. వ్యాసం, కింద 5 కిలోలు అనుకుందాం. బలం 49 న్యూటన్లు. ప్రతిబలం, అంటే బలాన్ని తీగ అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది, రెండిట్లోనూ 62 మెగాపాస్కల్‌లే. దానికి లోహంతో పనిలేదు.

తేడా సాగుదలలో.

ఉక్కు: యంగ్ గుణకం 200 గిగాపాస్కల్‌లు, సాగేది 0.62 మి.మీ., దాన్ని అసలు పొడవుతో భాగిస్తే వచ్చే వికృతి 0.00031.
రాగి: 120 గిగాపాస్కల్‌లు, 1.04 మి.మీ., 0.00052.

నిల్వ శక్తి ½FΔl గనక ఉక్కులో 0.015 జౌళ్లు, రాగిలో 0.025.

రాగి సాగడం బాగా కనబడుతుంది, నిజమే. కానీ మెత్తని రాగి ఈ బరువుకే శాశ్వతంగా సాగిపోవచ్చు. బరువు తీశాక రీడింగ్ మొదటికి రాలేదంటే ఆ లెక్క చెల్లదు.

0.01 మి.మీ. చదివే సెర్ల్ పరికరం ఉంటే ఉక్కే పెట్టరా. వర్నియర్ మాత్రమే ఉంటే రాగి, 2 కిలోలు దాటకుండా, తీగ పొడవు పెంచి.