ప్రిల్ మాత్రా, సార్టన్ మాత్రా? కిడ్నీ జబ్బులో బీపీకి ఏది మేలు

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల మందుల చీటీలో బీపీకి మొదట కనబడే మాత్ర చాలావరకు రెండు రకాల్లో ఒకటై ఉంటుంది. పేరు చివర ‘ప్రిల్’ ఉంటే, అంటే ఎనాలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటివైతే, అది ఏసీఈ ఇన్హిబిటర్. ‘సార్టన్’ ఉంటే, అంటే లోసార్టన్, టెల్మిసార్టన్, ఓల్మిసార్టన్ లాంటివైతే, అది ఏఆర్‌బీ. ఏది మంచిదని అడిగితే నా జవాబు ముందే చెప్పేస్తాను. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నవాళ్లకి రెండూ దాదాపు ఒకే మేలు చేస్తాయి, సార్టన్‌తో ఇబ్బందులు కాస్త తక్కువ. అయితే ఉప్పు తగ్గించకుండా వీటిలో ఏది గొప్పదని వాదించుకోవడం దండగ.

కిడ్నీలో వడపోత జరిగేది సన్నని రక్తనాళాల ఉండల్లో. ఒక నాళం గుండా రక్తం లోపలికొస్తుంది, ఇంకో నాళం గుండా బయటికి పోతుంది. యాంజియోటెన్సిన్ అనే పదార్థం ఆ బయటికి పోయే నాళాన్ని బిగిస్తుంది. తోటకి నీళ్లు పెట్టే పైపు మూతిని వేలితో నొక్కితే లోపల ఒత్తిడి పెరిగినట్టే ఉండలోనూ పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి పడితే వడపోత పొర దెబ్బతిని అల్బుమిన్ మూత్రంలోకి కారడం మొదలవుతుంది. ప్రిల్ మాత్ర యాంజియోటెన్సిన్ తయారీని తగ్గిస్తుంది. సార్టన్ దాని తయారీ జోలికి పోకుండా, అది పనిచేసే చోట అడ్డుపడుతుంది. ఎలా చేసినా బయటి నాళం వదులై లోపలి ఒత్తిడి తగ్గుతుంది.

రెండింటినీ ముఖాముఖి పోల్చిన పరీక్షలు ఎక్కువ లేవు. 2004లో వచ్చిన డిటెయిల్ అనే అధ్యయనంలో సుగర్‌తో కిడ్నీ దెబ్బతినడం మొదలైన 250 మందికి అయిదేళ్లపాటు కొందరికి టెల్మిసార్టన్, కొందరికి ఎనాలాప్రిల్ ఇచ్చారు. కిడ్నీ పనితనం తగ్గిన తీరులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ చాలా పెద్దది, పాతిక వేలమందికి పైనే. అందులో ఉన్నది కిడ్నీ రోగులని కాదు, గుండె, రక్తనాళాల ముప్పు ఎక్కువున్నవాళ్లు. అక్కడా టెల్మిసార్టన్, రామిప్రిల్ సమానంగానే తూగాయి. తేడా వచ్చింది దగ్గులో. దగ్గు పడలేక మందు మానేసినవాళ్లు రామిప్రిల్‌లో నూటికి నలుగురు, టెల్మిసార్టన్‌లో నూటికి ఒక్కరు.

ఆ దగ్గు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని గుర్తుపట్టక చాలామంది తిప్పలు పడతారు. పొడి దగ్గు. గొంతులో ఏదో గీరుతున్నట్టు ఉంటుంది, కఫం రాదు, పడుకుంటే ఎక్కువవుతుంది. మాత్ర మొదలెట్టిన కొన్ని వారాలకి రావచ్చు, కొన్ని నెలలకీ రావచ్చు, అందుకే మాత్ర మీద ఎవరికీ అనుమానం రాదు. సిరప్పులు, యాంటీబయాటిక్కులు, ఎక్స్‌రే, కఫం పరీక్ష అన్నీ అయ్యాక ఎవరో చీటీ తిరగేసి ‘ప్రిల్’ చూస్తారు. మాత్ర ఆపితే ఎక్కువమందికి నెలలోపే తగ్గుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. డోసు తగ్గిస్తే లాభం ఉండదు, సార్టన్‌కి మారాల్సిందే. అరుదుగా ప్రిల్ వల్ల పెదాలు, నాలుక, గొంతు ఉబ్బుతాయి. అది మాత్రం వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సంగతి, జన్మలో మళ్లీ ప్రిల్ ముట్టకూడదు.

ఇన్నీ చూసి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే సార్టన్ వైపే మొగ్గుతాను. ఏళ్లుగా రామిప్రిల్ వాడుతూ దగ్గు లేనివాళ్లని మాత్రం కదిలించను. అసలు చేయకూడనిది రెండూ కలిపి వాడడం. ఆన్‌టార్గెట్‌లో కలిపి వాడినవాళ్ల కిడ్నీలకి నష్టమే ఎక్కువ జరిగింది. సుగర్ కిడ్నీ రోగుల్లో లోసార్టన్‌కి లిసినోప్రిల్ జోడించి చూసిన ఇంకో అధ్యయనాన్ని పొటాషియం పెరగడం, కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడం చూసి 2013లో మధ్యలోనే ఆపేశారు. అయినా ఈ జోడీ ఇళ్లలో కనబడుతూనే ఉంటుంది. గుండె డాక్టరు ఒకటి రాస్తారు, సుగర్ డాక్టరు ఇంకొకటి రాస్తారు, రెండోది ఆమ్లోడిపిన్ లాంటి ఇంకో రకం బీపీ మందుతో కలిపిన మాత్రలో దాక్కుని ఉంటుంది. షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ఒకసారి చదివితే తెలిసిపోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 58 ఏళ్ల మగమనిషి, పదేళ్లుగా సుగర్. బీపీ 152/88. క్రియాటినిన్ 1.6, దాన్నిబట్టి కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 50 దగ్గర. పొటాషియం 4.6. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కి 640 మిల్లీగ్రాముల అల్బుమిన్. 30 దాటితేనే ఎక్కువ, 300 దాటితే బాగా ఎక్కువ. ఇలాంటి మనిషికే ఈ మాత్రల వల్ల అసలు లాభం. టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు మొదలెట్టాం. రెండు వారాలకి పరీక్ష చేస్తే క్రియాటినిన్ 1.9.

ఇక్కడే చాలామంది బెంబేలెత్తిపోతారు. “సార్, ఈ మాత్ర కిడ్నీని పాడుచేస్తోందంట కదా, ఆపేశాం” అంటారు. వడపోత ఉండలో ఒత్తిడి తగ్గింది కాబట్టి వడపోతా కొంచెం తగ్గి, క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. మందు పనిచేస్తోందనడానికి అదీ ఒక గుర్తే. నాలుగు వారాల్లోపు పెరుగుదల 30 శాతం దాటనంతవరకు కొనసాగించాలి. 1.6 మీద 30 శాతం అంటే దాదాపు 2.1. ఈయనకి పెరిగింది 19 శాతమే. అదే 2.4కి ఎగబాకి ఉంటే వేరే కారణం వెతకాలి: ఒంట్లో నీళ్లు తక్కువయ్యాయా, మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మింగుతున్నారా, రెండు కిడ్నీలకీ వెళ్లే పెద్ద రక్తనాళాలు సన్నబడ్డాయా అని.

ఈయన పొటాషియం 5.2కి చేరిందనుకోండి. మాత్ర ఆపకుండానే దాన్ని దించే దారులున్నాయి. ముందు వంటింట్లో ‘లో సోడియం’ ఉప్పు వాడుతున్నారేమో చూడాలి. అందులో సోడియం తగ్గించి ఆ చోట కలిపేది పొటాషియం క్లోరైడే. కిడ్నీ బాగున్న బీపీ మనిషికి మంచిదైన ఆ ఉప్పు, సార్టన్ మింగే కిడ్నీ రోగికి ప్రమాదం. రోజూ తాగే కొబ్బరినీళ్లదీ అదే సంగతి. ఆ తర్వాత మూత్రం పోయించే క్లోర్‌థాలిడోన్ మాత్ర 12.5 మిల్లీగ్రాములు చేర్చితే బీపీ, పొటాషియం రెండూ దిగుతాయి. పొటాషియం 5.5 దాటితే డోసు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి, 6 దాటితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఉప్పు. కిడ్నీ రోగికి రోజుకి 2 గ్రాముల సోడియం లోపే ఉండాలంటారు, అంటే 5 గ్రాముల ఉప్పు, ఒక టీస్పూను. మన మనిషి 24 గంటల మూత్రం పట్టి చూస్తే అందులో సోడియం 190 మిల్లీ ఈక్వివలెంట్లు వచ్చిందనుకుందాం. దాన్ని ఉప్పులోకి మారిస్తే 11 గ్రాములు. హద్దుకి రెట్టింపు. “మేం ఉప్పు తక్కువే తింటాం” అన్న మాటకీ ఈ సంఖ్యకీ ఎప్పుడూ పొంతన ఉండదు.

ఈ పరీక్ష లేకపోయినా ఇంట్లోనే ఒక అంచనాకి రావచ్చు. నలుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకి 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. పాతిక రోజులకే కొత్తది చింపుతుంటే మనిషికి 10 గ్రాములు పోతున్నట్టే. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఉప్పుచేప, బయటి మిక్చరు దీనికి అదనం. ఆవకాయలో పదో వంతు ఉప్పనుకున్నా, 15 గ్రాముల పచ్చడి కలుపుకుంటే ఒకటిన్నర గ్రాములు లోపలికి పోయినట్టే. మజ్జిగలో వేసే చిటికెడు, అన్నం వండేటప్పుడు వేసే ఉప్పు మానేయడం తేలిక, కూరలో సగానికి దించడం కష్టం. కాబట్టి తేలికైనవాటితో మొదలెట్టాలి. సైంధవ లవణమూ దాదాపు అంతా సోడియం క్లోరైడే, దానికి మారినా ఒరిగేదేం లేదు.

ఉప్పు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నెదర్లాండ్స్‌లో 2011లో చేసిన ఒక పరీక్ష ఉంది. సుగర్ లేని 52 మంది కిడ్నీ రోగులు లిసినోప్రిల్ వాడుతున్నారు, మూత్రంలో ప్రొటీన్ పోతోంది. దానిమీద వాల్సార్టన్ చేర్చితే ప్రొటీన్ 21 శాతం తగ్గింది. మాత్ర చేర్చకుండా ఉప్పు తగ్గిస్తే 51 శాతం తగ్గింది. పైన చెప్పిన ప్రమాదకరమైన జోడీ కంటే ఉప్పు తగ్గించడమే ఎక్కువ పనిచేసిందన్నమాట.

బీపీ ఎంతకి దించాలన్నదాంట్లో పెద్దల మధ్యే ఏకాభిప్రాయం లేదు. కేడీఐజీఓ అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2021లో పై అంకె 120 లోపు ఉండాలంది. అమెరికా గుండె సంఘాలు 2017లో 130/80 లోపు అన్నాయి. యూరప్ హైపర్‌టెన్షన్ సంఘం 2023లో ముందు 140/90 లోపుకి తెచ్చి, మనిషి తట్టుకుంటే 130/80 లోపుకి వెళ్లమంది. 120 అంకె వచ్చింది 2015 నాటి స్ప్రింట్ అధ్యయనం నుంచి. అందులో కిడ్నీ జబ్బున్న 2,646 మందిలోనూ గట్టిగా బీపీ దించినవాళ్లలో మరణాలు తగ్గాయి, కిడ్నీ ఫెయిల్ కావడం మాత్రం తగ్గలేదు. పైగా సుగర్ ఉన్నవాళ్లని, మూత్రంలో రోజుకి గ్రాముకి మించి ప్రొటీన్ పోయేవాళ్లని అందులో చేర్చుకోలేదు. మన 58 ఏళ్ల మనిషికి ఆ గేటు దగ్గరే చోటు ఉండేది కాదు.

ఇంకో సంగతి, అక్కడ మనిషిని అయిదు నిమిషాలు ఊరకే కూర్చోబెట్టి మెషీనుతో మూడుసార్లు చూసి సగటు తీశారు. మెట్లెక్కి వచ్చి, ఓపీ చీటీ పట్టుకుని నిలబడి, కూర్చోగానే కొలిపించుకునే బీపీతో 120 కోసం మందులు పెంచుకుంటూ పోతే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఈయనకి నేను 130 లోపు పెట్టుకుంటాను. ఇంట్లో వారం రోజులు, పొద్దున మాత్రకి ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి, మొదటి రోజు వదిలేసి సగటు తీయమంటాను. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20 పడిపోకపోతే ఇంకొంచెం దించడానికి అభ్యంతరం లేదు. 80 ఏళ్ల ముసలమ్మకి నిలబడితే తూలుతుంటే 140 దగ్గరే ఆగుతాను.

ఉద్దానం వైపు వెళ్తే ఈ లెక్కంతా కొంచెం మారుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కనబడే కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో అల్బుమిన్ తక్కువ, మొదట్లో బీపీ కూడా అంత ఎక్కువ ఉండదు. అల్బుమిన్ లేనప్పుడు ప్రిల్, సార్టన్ మాత్రలు కిడ్నీని ప్రత్యేకంగా కాపాడతాయనడానికి ఆధారం పలచన. బీపీ ఉంటే ఆమ్లోడిపిన్‌తో మొదలెట్టినా తప్పులేదు. ఎండలో తోట పని చేసి చెమటకి ఉప్పూ నీళ్లూ పోగొట్టుకునే మనిషికి 5 గ్రాముల హద్దుని కూడా గుడ్డిగా రుద్దకూడదు. సార్టన్ వాడుతున్నవాళ్లయితే వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున ఆ మాత్ర, దాంతోపాటు మూత్రం పోయించే మాత్ర ఆపేసి డాక్టరుకి చెప్పాలి. మామూలుగా తిని తాగడం మొదలెట్టిన ఒకటి రెండు రోజులకి మళ్లీ వేసుకోవచ్చు. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు మాత్రం ముందే డాక్టరుతో మాట్లాడి వేరే మందుకి మారాలి. ప్రిల్ అయినా సార్టన్ అయినా కడుపులో బిడ్డకి హాని చేస్తాయి.