“ఎసిడిటీ లేని డబుల్ కెఫీన్ డార్క్ రోస్ట్” అని కనిపిస్తే ఆగండి

మా మామయ్యకి పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడాల్సిందే. ఆ తర్వాత గంటసేపు గుండెల్లో మంట అని గుండె రాసుకుంటూ కూర్చుంటారు. అందుకే ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ మీద “డార్క్ రోస్ట్, 100% అరబికా, ఎసిడిటీ జీరో, కెఫీన్ డబుల్” అని చూడగానే అర కిలో గింజలు ఆర్డర్ పెట్టేశాను. అమ్మినవాళ్ల పేరు చెప్పను. ఇదే పాట పాడేవాళ్లు చాలామంది ఉన్నారు, పేరు కంటే ఆ మాటల్ని గుర్తుపట్టడమే మీకు పనికొస్తుంది.

ప్యాకెట్ విప్పితే గింజలు బొగ్గులా నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తున్నాయి. లోపలి కాగితం మీద కూడా నూనె మరకలే. బాగా మాడ్చిన గింజ మీదికి నూనె రావడం తప్పేమీ కాదు. 225 డిగ్రీలు దాటాక గింజ రెండోసారి చిటచిటలాడుతుంది, అప్పుడు లోపలి గూడు పగిలి నూనె పైకొస్తుంది. కానీ పైకొచ్చిన నూనెకి గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. నా ప్యాకెట్ ముక్కిపోయిన నూనె వాసన కొట్టింది. ఎప్పుడు వేయించారో తేదీ లేదు, “బెస్ట్ బిఫోర్” మాత్రం ఏడాది దూరంలో ఉంది.

డికాషన్ నల్లగా దిగింది కానీ చిక్కగా లేదు. ఒక గుటక తాగి మామయ్య “అమ్మాయ్, ఇది కాఫీనా, కషాయమా?” అన్నారు. మంట కూడా ఏమీ తగ్గలేదు.

నేను బోల్తా పడింది ఒక్క మాట దగ్గర. మనకి ఎసిడిటీ అంటే కడుపులో మంట. కాఫీవాళ్ల భాషలో అదే మాటకి అర్థం నాలుక మీద తగిలే పులుపు, నిమ్మ, ఆపిల్ లాంటి చురుకుదనం. గింజలో సిట్రిక్, మాలిక్ లాంటి ఆమ్లాలుంటాయి. వేయించే కొద్దీ అవి విరిగిపోతాయి కాబట్టి డార్క్ రోస్ట్‌లో ఆ పులుపు దాదాపు తెలియదు. అంతవరకు వాళ్లు రాసింది పూర్తిగా అబద్ధం కాదు, “జీరో” తప్ప. కానీ ఆ పులుపు తగ్గితే కడుపులో మంట ఆగుతుందని గ్యారంటీ లేదు, ఎందుకంటే కడుపులో ఆమ్లం ఊరేలా చేసేవాటిలో కెఫీన్ కూడా ఉంది. డార్క్ తేలిగ్గా పడేవాళ్లు కొందరుండొచ్చు. మంటకి మందు అనుకుని మాత్రం కొనకండి.

ఫోన్ చేసి అడిగితే అవతల అబ్బాయి చాలా మర్యాదగా, “మేడమ్, డార్క్ అంటే స్ట్రాంగ్, స్ట్రాంగ్ అంటే కెఫీన్ ఎక్కువ. మీకు పడకపోతే లైట్ రోస్ట్ పంపిస్తాం, అందులో కెఫీన్ తక్కువ” అన్నాడు. నేను మళ్లీ నమ్మాను.

లైట్ రోస్ట్ గింజలు దాల్చిన చెక్క రంగులో, పొడిపొడిగా వచ్చాయి. ఇవి దాదాపు 200 డిగ్రీల దగ్గర, పేలాల్లా మొదటిసారి చిటపటలాడిన కాసేపటికే దించేసినవి. గట్టిగా ఉంటాయి, మిక్సీ జార్ అరిచి గోల చేసింది. డికాషన్ టీ నీళ్లంత పల్చగా దిగింది. నల్లగా తాగితే నారింజ తొక్క నమిలినట్టు బాగానే ఉంది కానీ, మా ఇంట్లో పాలు పోయకుండా తాగేదెవరు? నిన్నటి పాలు వేడిచేసి పోశాను, ఆ పులుపుకి గిన్నె అంచున తరకలు కట్టాయి. “పాలు విరిగాయా అమ్మాయ్?” అని మామయ్య వంటింట్లోకి తొంగిచూశారు. లైట్ రోస్ట్ చెడ్డదని కాదు, అది మన ఫిల్టర్‌కీ పాలకీ పుట్టలేదు.

ఇక కెఫీన్ సంగతి. వేయించేటప్పుడు కెఫీన్ పెద్దగా పోదు, పెరగదు. పోయేది నీరు, గింజ బరువు. పచ్చి అరబికా గింజలు కిలో తీసుకుంటే అందులో దాదాపు 12 గ్రాముల కెఫీన్ ఉంటుంది. లైట్‌గా వేయిస్తే గింజలు 870 గ్రాములు మిగులుతాయి, బాగా డార్క్ చేస్తే 800. రెండింట్లోనూ ఆ 12 గ్రాములే ఉన్నాయనుకోండి. పది గ్రాములు తూచి వేస్తే లైట్‌లో 138 మిల్లీగ్రాములు, డార్క్‌లో 150. అంటే తేడా పదో వంతు కూడా లేదు, డబుల్ ఎక్కడిది?

పైగా మనం తూచం, చెంచాతో వేస్తాం. డార్క్ గింజ ఉబ్బి తేలికవుతుంది. మా ఇంటి చిన్న గిన్నె నిండా రెండు రకాలూ వంటింటి కాటా మీద పెట్టి చూశాను. లైట్ 10 గ్రాములు తూగితే డార్క్ 8 గ్రాములే. ఆ లెక్కన గిన్నెడు లైట్‌లో 138 మిల్లీగ్రాములు, డార్క్‌లో 120. తక్కువ కెఫీన్ అని పంపిన ప్యాకెట్టే ఎక్కువ ఇచ్చింది! నాలుక మీది చేదుని మనం కెఫీన్ అనుకుంటాం గానీ, డార్క్‌లో ఆ చేదు చాలావరకు మాడడం వల్ల పుట్టింది.

నిజంగా డబుల్ దగ్గరికి రావాలంటే ఒకటే దారి, రోబస్టా అనే ఇంకో రకం కాఫీ గింజ. అరబికాలో 1.2 శాతం ఉంటే రోబస్టాలో దాదాపు 2.2 శాతం ఉంటుంది. ఈ అనుమానం రాగానే మొదటి ప్యాకెట్ గింజలు తెల్ల పళ్లెంలో పోశాను. అరబికా గింజ కోలగా ఉండి, మధ్య గీత పాము వంపు తిరిగినట్టుంటుంది. రోబస్టా గుండ్రంగా ఉంటుంది, గీత దాదాపు తిన్నగా ఉంటుంది. గుప్పెడులో మూడో వంతు గుండ్రటివే, విరిగిన ముక్కలు అదనం. ఒకటీ అరా అయితే పోనీ అనుకునేదాన్ని. రోబస్టా కలపడం నేరమేమీ కాదు, మన ఫిల్టర్ కాఫీలో నురగకీ చిక్కదనానికీ ఎప్పటినుంచో కలుపుతున్నారు. 100% అరబికా అని రాసి, ఆ ధర తీసుకుని కలపడమే మోసం. అలాంటివాళ్లకి డార్క్ రోస్ట్ మంచి ముసుగు. అంత మాడ్చాక అరకు గింజైనా, ఏ గోడౌన్ అడుగున పడున్న గింజైనా ఒకే మాడు రుచి.

చిక్కదనం కోసం డార్క్ కొనేవాళ్లూ చూసుకోండి. లైట్ నుంచి మీడియం డార్క్ వరకు చిక్కదనం పెరుగుతుంది, ఆ తర్వాత మాడే కొద్దీ మళ్లీ పల్చబడుతుంది. మా కషాయం నల్లగా ఉండి నీళ్లలా తోచింది అందుకే. కొన్ని పొడుల్లో చిక్కదనం చికోరీది. కెఫీన్ అసలే లేని ఆ వేరుని 49 శాతం దాకా కలపొచ్చు, కానీ ఎంతుందో ప్యాకెట్ మీద రాయాలి. ఆ అంకె చూడండి.

ఇప్పుడు మా వీధి చివర కాఫీ పొడి కొట్లో మీడియం డార్క్ పావు కిలోకి మించకుండా కొంటున్నాను. తాటిబెల్లం రంగు, నూనె చుక్క అక్కడొకటి ఇక్కడొకటి. ఏ రోజు వేయించారో అడిగి, గింజ చూసి, కళ్లముందే పట్టించుకుంటాను. మామయ్యకి మంట తగ్గింది కాఫీ మార్చినందుకు కాదు, డాక్టర్ గారు చెప్పినట్టు టిఫిన్ తిన్నాక అర గ్లాసే తాగుతున్నందుకు.

డబ్బు వాపసు అడిగితే “ఓపెన్ చేసిన ప్యాకెట్ తీసుకోం మేడమ్” అన్నారు. మిగిలిన డార్క్ గింజలు చిన్న గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను, ఉల్లిపాయ వాసన పోవడానికి.