క్లెయిమ్ కొట్టేశారు: మెయిలా, పోర్టలా, ఏజెంటా – ఏది మేలు?

రాయగడలో మా జిరాక్స్ షాపుకి నెలకి ఇద్దరు ముగ్గురైనా ఒకే రకం ఉత్తరం పట్టుకుని వస్తారు. విశాఖలో ఆపరేషన్ చేయించుకుని, డబ్బు కట్టి, ఆరోగ్య బీమా క్లెయిమ్ పెట్టుకుంటే కంపెనీ ఇవ్వనంది. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఇప్పుడు ఎవరికి రాయాలి? ఏజెంటుకి చెప్పాలా, మెయిల్ పెట్టాలా, బీమా భరోసా పోర్టల్లో కంప్లయింట్ ఇవ్వాలా?" మొన్న డిసెంబరులో మా బాబాయి క్లెయిమ్ విషయంలో ఈ ప్రశ్న నాకే ఎదురైంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏజెంటు దారి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మంచివాడైతే కంపెనీలో ఎవరిని కదపాలో చెబుతాడు. కానీ ఫోన్లో మాట్లాడిన మాటకి రుజువు ఉండదు, గడువు లెక్క మొదలవదు. వినియోగదారుల కమిషన్ చివరి మెట్టు. అసలు పోటీ మెయిల్‌కీ పోర్టల్‌కీ మధ్యే.

బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే పోర్టలే బీమా భరోసా. అందులో ఫిర్యాదు పెట్టగానే టోకెన్ నంబరు వస్తుంది, కంపెనీ ఎన్ని రోజులు కూర్చుందో నియంత్రణ సంస్థకి కనిపిస్తుంది. అది నిజంగా బలమే. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఐఆర్‌డీఏఐ మన క్లెయిమ్ మీద తీర్పు చెప్పదు. ఫిర్యాదు తిరిగి అదే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి వెళ్తుంది, జవాబు అక్కడినుంచే వస్తుంది. అంటే ఏ దారిన వెళ్లినా మన కాగితాలు చదివే బల్ల ఒకటే. ఆ బల్ల మీదికి కాగితాలు ఏ వరుసలో వెళ్లాయన్నదే ఫలితాన్ని తేలుస్తుందని నా నమ్మకం. ఆ వరుస పూర్తిగా మన చేతిలో ఉండేది మెయిల్‌లోనే.

బాబాయి సంగతి చూడండి. పాలసీ మొదలైంది 2024 నవంబరు 8న. 2025 మే 14న కళ్లు తిరిగితే ఇక్కడి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాడు, అప్పుడే మొదటిసారి బీపీ ఉందన్నారు. అక్టోబరు 20న గుండె నొప్పి వస్తే విశాఖలో చేర్చి స్టెంట్ వేశారు. బిల్లు 2,36,000 రూపాయలు. నవంబరు 24న ఉత్తరం వచ్చింది: "పాలసీకి ముందునుంచే బీపీ ఉంది, ఎక్స్‌క్లూజన్ కోడ్ ఎక్స్‌క్ల్01 కింద క్లెయిమ్ చెల్లదు."

ఆ రాత్రి డిశ్చార్జి సమ్మరీ తీసి చూస్తే మొదటి పేజీలోనే ఉంది, "హెచ్‌టీఎన్ – 5 ఇయర్స్" అని, అంటే బీపీ అయిదేళ్లుగా ఉందని. చేర్చిన రాత్రి డ్యూటీ డాక్టరు బీపీ ఎన్నాళ్లుగా అని అడిగితే, పిన్ని "ఐదు నెల్లయింది బాబూ" అంది. ఏ హడావుడిలో జరిగిందో, నెలలు సంవత్సరాలైపోయాయి. నా షాపుకొచ్చే తిరస్కరణల్లో ఇలాంటివి చాలా చూశాను. మీకూ ముందునుంచే జబ్బుందని రాసి ఉత్తరం వస్తే, మొదట డిశ్చార్జి సమ్మరీలో పాత జబ్బుల గురించి రాసిన ఆ రెండు లైన్లు చూడండి. గొడవ మూలం తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది.

మాలో మొదట అందరికీ వచ్చిన ఆలోచన, మా బాధంతా రాద్దామని. ప్రీమియం ఎన్నాళ్లు కట్టాం, అప్పు ఎంత తెచ్చాం, ఆయన ఎంత మంచివాడు. అది నిజమైన బాధే, కానీ క్లెయిమ్ చూసేవాడు దాన్ని ఏ క్లాజు కిందా లెక్కలోకి తీసుకోలేడు. అతను ఎక్స్‌క్ల్01 అన్నాడు, మనం ఎక్స్‌క్ల్01కే జవాబివ్వాలి. పాలసీ పుస్తకం వెనక పేజీల్లో "ముందునుంచి ఉన్న జబ్బు" అంటే ఏమిటో నిర్వచనం ఉంటుంది: పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినదో, వైద్యం చెప్పినదో, చేసినదో అయి ఉండాలి. ఎక్స్‌క్ల్01 పనిచేసేది ఆ నిర్వచనంలో పడిన జబ్బుకీ దాని నేరు పర్యవసానాలకే. బీపీ మేలో బయటపడిందని తేలితే అది ఆ నిర్వచనంలోనే పడదు, స్టెంట్‌కి దాన్ని ముడిపెట్టడానికీ లేదు. మా మెయిల్‌కి వెన్నెముక ఈ ఒక్క వాదనే. పాతకాలం పాలసీల్లో ఈ నెలల లెక్క వేరుగా ఉండొచ్చు, మీ పుస్తకంలో ఉన్న అంకెనే రాయండి.

కాగితాలు ఈ వరుసలో పెట్టాం:

```
01_Rejection_Letter.pdf
02_Policy_Schedule_and_Clauses.pdf
03_Prepolicy_Checkup_Oct2024.pdf
04_First_BP_OPD_Slip_14May2025.pdf
05_Indoor_Case_Papers.pdf
06_Treating_Doctor_Certificate.pdf
07_Discharge_Summary.pdf
```

వరుసకి కారణముంది. ముందు వాళ్ల మాట, తర్వాత వాళ్ల క్లాజు, ఆ తర్వాత గొడవ పుట్టకముందు తేదీలున్న కాగితాలు, వాటి వెనక గొడవ తర్వాత తెచ్చినవి, అన్నిటికన్నా చివర తప్పు పడిన డిశ్చార్జి సమ్మరీ. డాక్టరు సర్టిఫికెట్ ఒక్కటే పెడితే, డబ్బు కోసం రాయించుకున్నారనే అనుమానం వస్తుంది. దానికి ముందు 2024 అక్టోబరు నాటి చెకప్ కాగితం, అందులో బీపీ 128/82 అని కనిపించాక, మే నెల ఓపీ చీటీ కూడా చదివాక, సర్టిఫికెట్ దానంతటదే నమ్మేలా ఉంటుంది. ఆ చెకప్ చేయించింది పాలసీ ఇచ్చే ముందు కంపెనీయే కాబట్టి దాన్ని వాళ్లు కాదనలేరు.

మన జిల్లాల వాళ్లకి ఓ చిక్కుంది. ఓపీ చీటీ మీద అచ్చు అంతా ఒడియాలో ఉంటుంది. చదివే ఉద్యోగి ఏ హైదరాబాదులోనో చెన్నైలోనో కూర్చుని ఉంటాడు. మందు పేరూ బీపీ అంకే ఇంగ్లీషులో ఉన్నా, అది ఎక్కడి చీటీయో, తేదీ ఏ గడిలో ఉందో అతనికి తెలియదు. నేను స్కాన్ కిందనే రెండు వాక్యాలు ఇంగ్లీషులో టైపు చేశాను: ఇది ఫలానా ప్రభుత్వాసుపత్రి చీటీ, కుడివైపు పై గడిలో ఉన్నది తేదీ, "కొత్తగా గుర్తించిన బీపీ" అని డాక్టరు రాసిన చోటు ఇది. ఆ చోట చుట్టూ గీత గీయడానికి మరో కాపీ వాడాం, అసలు స్కాన్ మీద ఏ గీతా పెట్టలేదు.

సర్టిఫికెట్ స్టెంట్ వేసిన పెద్ద డాక్టరు దగ్గరే తీసుకోవాలి. ఊళ్లో డాక్టరిచ్చింది సరిపోదు, ఎందుకంటే తప్పు పడింది ఆ ఆసుపత్రి రికార్డులో. అందులో మూడు సంగతులు ఉండాలి: బీపీ మొదట ఎప్పుడు బయటపడింది, ఏ కాగితం చూసి ఆ మాట చెబుతున్నారు, "5 ఇయర్స్" అన్నది పొరపాటున పడిందన్న మాట. రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, స్టాంపు తప్పనిసరి. కేస్ షీట్ కాపీ, అంటే మా 05 ఫైలు, కోసం ఆసుపత్రి రికార్డుల విభాగానికి రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళిలోనే ఉంది. మాకు కేస్ షీట్‌లో నర్సు రాసిన పేజీ కలిసొచ్చింది. అక్కడ "5 నెలలు" అనే ఉంది.

బిల్లులు మళ్లీ పెట్టలేదు. అవి కంపెనీ దగ్గరే ఉన్నాయి, వాటిమీద తగవు లేదు. నలభై పేజీల మందుల బిల్లుల కింద ఆ ఒక్క ఓపీ చీటీ పడిపోతే చదివేవాడికి కనిపించదు.

మెయిల్ ఒక పేజీ దాటలేదు. సబ్జెక్టులో క్లెయిమ్ నంబరు, పాలసీ నంబరు, తిరస్కరణ తేదీ. లోపల ప్రతి వాక్యం చివర ఏ కాగితం, ఏ పేజీ అన్న సూచన. చివర్లో రెండు కోరాం. ఒకటి, నిర్ణయం మార్చి క్లెయిమ్ చెల్లించండి. రెండు, మార్చకపోతే ఏ క్లాజు, ఏ ఆధారం మీదనో రాతలో చెప్పండి, తిరస్కరణకి క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉందో లేదో తెలపండి. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ గానీ ఈ రివ్యూ కమిటీ గానీ ఒప్పుకోకుండా క్లెయిమ్‌ని తిరస్కరించకూడదు, ఏ షరతు కింద తిరస్కరించారో కూడా చెప్పాలి. మీ ఉత్తరంలో క్లాజు నంబరే లేకపోతే ముందు అదే అడగండి.

పంపేముందు చూసుకోవాల్సింది, పాలసీలో ఎవరి మెయిల్ ఐడీ ఉందో. బాబాయి పాలసీలో పార్వతీపురం ఏజెంటు ఐడీ ఉంది! ముందు దాన్ని మార్పించి, బాబాయి ఐడీ నుంచే పంపాం. పంపాల్సింది పాలసీ పుస్తకంలో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసరు ఐడీకి. కంపెనీ తరఫున క్లెయిమ్ కాగితాలు చూసే టీపీఏకి కాపీ చాలు, కొట్టేసే అధికారం వాళ్లది కాదు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అటాచ్‌మెంట్ లింకుగా మారిపోతుంది. అలా కాకుండా నలుపు తెలుపులో స్కాన్ చేసి బరువు తగ్గించండి. చేరలేదంటూ మెయిల్ వెంటనే తిరిగొచ్చిందేమో చూడండి, వస్తే అసలు పంపనట్టే.

కంపెనీకి రెండు వారాల గడువు. మాకు పన్నెండో రోజున జవాబొచ్చింది, కేస్ షీట్ మరింత స్పష్టమైన కాపీ అడిగారు. పంపిన తొమ్మిది రోజులకి 2,11,400 జమైంది. మిగతాది వైద్యేతర ఖర్చులని కోశారు. అది పాలసీ జాబితాలో ఉన్నదే కాబట్టి ఒప్పుకున్నాం.

రాకపోయి ఉంటే పదిహేనో రోజున అవే ఏడు ఫైళ్లతో పోర్టల్లో పెట్టేవాళ్లం. నెల దాటినా జవాబు లేకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇలాంటి తగవులు విని తేల్చే బీమా ఆంబుడ్స్‌మన్ ఉన్నారు. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పుకున్నారా అని అక్కడ అడుగుతారు, తేదీతో ఉన్న మెయిల్ ఆ పనికీ వస్తుంది. ఒడిశా వాళ్లకి భువనేశ్వర్ కార్యాలయం. మనం ఉండే చోటుని బట్టి గానీ, కంపెనీ బ్రాంచి ఉన్న చోటుని బట్టి గానీ వెళ్లొచ్చని నిబంధన. బ్రాంచి విశాఖలో ఉన్నవాళ్లకి హైదరాబాదు కార్యాలయం కూడా తెరిచి ఉన్నట్టే.

పోర్టల్ ముందు ఎంచుకోవాల్సిన సందర్భం ఒకటి నాకు కనిపించింది: గ్రీవెన్స్ ఐడీకి పంపిన మెయిల్ తిరిగొచ్చినా, అందినట్టు నాలుగైదు రోజులకీ ఏ నంబరూ రాకపోయినా ఆగొద్దు, పోర్టల్‌కి వెళ్లిపోండి.

ఇంకో మాట. గత నెల గుణుపురం నుంచి ఒకాయన వచ్చాడు. షుగర్ మాత్రలు ఆరేళ్లుగా వేసుకుంటున్నాడు, ప్రపోజల్ ఫారంలో "లేదు" అని ఉంది. డాక్టరుతో తేదీ మార్చి రాయించుకొస్తానన్నాడు. వద్దని చెప్పాను. పాత మందుల బిల్లు ఒక్కటి బయటపడితే అది మోసం కింద పడుతుంది. అయిదేళ్లు వరసగా పాలసీ నడిపిన వాళ్లకి, పాత జబ్బు చెప్పలేదని క్లెయిమ్ కొట్టేయకుండా దొరికే రక్షణ కూడా మోసానికి వర్తించదు. ఆయన ఫారం నింపింది ఏజెంటు, సంతకం మాత్రం ఆయనది. ఆ ఫారం కాపీ ఇమ్మని కంపెనీకి మెయిల్ పెట్టించాను, అందులో ఏముందో చూశాకే తర్వాతి అడుగు.